సగం వాక్యం నీకు వదిలి

జెనీఫర్ పరధ్యానానికి కాలేజీలో మంచి పేరే ఉంది. క్లాసు మధ్యలో ఆ పిల్ల కళ్లు కిటికీ వైపు తిరిగాయంటే ఇక ఆ పీరియడ్‌కి ఆమె సెలవు పెట్టినట్టే. పిలిస్తే పలకదని కాదు. పిలుపు ఆమె దగ్గరికి చేరడానికి కాస్త సమయం పడుతుంది, అంతే. "జెనీ మళ్లా పోయింది" అంటాడు రఘువీర్. ఎక్కడికని ఎవరూ అడగరు, ఆమెకే తెలియదు కనక.

నన్నడిగితే శీతాకాలంలో గ్రేటర్ నోయిడాలో చదువుకునేవాళ్లను పరధ్యానం విషయంలో తప్పు పట్టకూడదు. డిసెంబరు నెల సగం గడిచేసరికి పొగమంచు దిగుతుంది. కాలేజీ బస్సు ఎక్స్‌ప్రెస్‌వే మీద వెళ్తుంటే రోడ్డు కనపడదు, పక్కన పొలాలు కనపడవు, సగం కట్టి వదిలేసిన అపార్టుమెంట్లు పై అంతస్తులు మాత్రం చూపిస్తూ గాల్లో తేలుతుంటాయి. ఇందిరాపురంలో బస్సెక్కి రోజూ ఆ తెల్లదనంలోంచి వచ్చే పిల్ల, క్లాసులో కూర్చున్నాక కూడా కొంత మంచు లోపల మిగుల్చుకుంటుంది. అందులో పెద్ద నేరమేమీ నాకు కనిపించదు. చిక్కల్లా నలుగురు కలిసి మాట్లాడాల్సిన చోట వచ్చింది.

నలుగురూ ఫైనల్ ఇయర్, నలుగురూ తెలుగువాళ్లు. శ్రుతిది కర్నూలు. మాట ఎంత సూటిగా ఉంటుందో జడ కూడా అంత బిగుతుగా ఉంటుంది. జట్టుకు పెద్ద ఆమే. నథానియేలుది ఒంగోలు, హాస్టల్లో ఉంటాడు, తీగలు కలపడం ఇష్టం, మనుషులతో మాట కలపడం కష్టం. రఘువీర్‌ది వరంగల్, మాటలకు కరువు లేదు. ఇక జెనీఫర్. పుట్టింది ఘాజియాబాద్‌లో, ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ. తల్లి మార్తది రేపల్లె, పెళ్లయిన కొత్తలో ఢిల్లీ వచ్చి ఆస్పత్రిలో నర్సుగా చేరింది.

వాళ్ల ప్రాజెక్టు కూడా మంచులోంచే పుట్టింది. ఇందిరాపురం స్టాపులో తెల్లవారుజామున ఆస్పత్రి స్టాఫ్ బస్సు కోసం నిలబడేవాళ్లకు బస్సు కనపడదు, బస్సు డ్రైవరుకు వీళ్లు కనపడరు. బస్సులో ఒక చిన్న రేడియో డబ్బా, స్టాపు స్తంభానికి ఇంకో డబ్బా, దాని మీద పసుపు దీపం. బస్సు దగ్గరపడగానే దీపం వెలుగుతుంది. మార్త వెళ్లి అడిగితే ఆస్పత్రి వాళ్లు నెల రోజులు కట్టుకోండని ఒప్పుకున్నారు. దీపం చేసింది నథానియేలు. పొద్దున్నే స్టాపులో మనుషుల మధ్య నిలబడి, వాళ్లు ఏం చేస్తున్నారో, ఏమంటున్నారో చూసింది జెనీఫర్. ఆ పని ఆమెకు ఎంత నచ్చిందో చెప్పలేను. ఆ నెలంతా ఆ పిల్ల నిద్రలేవడానికి అలారం అవసరం లేకపోయింది.

చెప్పుకోవాల్సిన రోజు వచ్చినప్పుడు మాత్రం ఆ ఉత్సాహమంతా నీరుగారిపోయింది. కాలేజీల మధ్య జరిగే ప్రాజెక్టుల పోటీకి అది కాలేజీ రౌండు. ముందు శ్రుతి సమస్య చెప్పింది. తర్వాత నథానియేలు దీపం ఎలా పనిచేస్తుందో చెప్పాడు. మాటలన్నీ ఇంగ్లీషులోనే, మనం తెలుగులో చెప్పుకుందాం. చివర వాడు అందరూ అనే మాటే అన్నాడు: "నా వైపు నుంచి ఇంతే. ఇక ముందుకు తీసుకువెళ్లవలసిందిగా నా సహచరురాలు జెనీఫర్‌ను ఆహ్వానిస్తున్నాను."

జెనీఫర్ అక్కడ లేదు. మనిషి వేదిక మీదే ఉంది, నీలం కోటు వేసుకుని, చేతులు కట్టుకుని. మనసు మాత్రం ప్రొజెక్టర్ వెలుగులో తేలుతున్న దుమ్ము వెంట వెళ్లి, ఆ దుమ్ములోంచి స్టాపుకు చేరి, అక్కడ పసుపు దీపం కింద మంకీ క్యాపులు పెట్టుకుని నిలబడ్డ మనుషుల మధ్య తిరుగుతోంది. విచిత్రం చూడండి, తాను చెప్పాల్సిన మనుషుల దగ్గరే ఉంది, చెప్పాల్సిన సమయానికి. నథానియేలు స్లైడ్లు మార్చే క్లిక్కర్ చాచి నిలబడ్డాడు. బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు కళ్లజోడు సర్ది, "తర్వాతివారు ఎవరైనా ఉన్నారా, అయిపోయిందా?" అన్నాడు. అప్పుడు ఉలిక్కిపడి ముందుకొచ్చింది. క్లిక్కర్ అందుకోబోయి జారవిడిచింది. ఆ తర్వాత ఎంత బాగా చెప్పినా ఎవరి చెవికీ ఎక్కలేదు. ప్రాజెక్టు మంచిది కనక ఫైనల్‌కు వెళ్లారు, జట్టుగా మాట్లాడినందుకు మార్కులు మాత్రం అడుగున ఉన్నాయి.

పార్థసారథి సార్‌ది నెల్లూరు. ఈ ప్రాజెక్టుకు గైడు ఆయనే. కోపం వస్తే గొంతు తగ్గిస్తాడు, అదే భయం.

"ఆహ్వానిస్తున్నాను ఏందబ్బా? ఇదేమన్నా పెళ్లి స్టేజీనా, వధూవరుల్ని ఆశీర్వదించమని పిలవడానికి?" అన్నాడు నథానియేలుతో. "నువ్వు నీ మాట అయిపోగానే తలుపేసేశావు. ఆ పిల్ల బయట నిలబడి తలుపు తట్టుకోవాల. ఒకరు చెప్పిన దాంట్లోంచే రెండోవాళ్ల మాట రావాలి. వినేవాళ్లకి మనిషి మారినట్టు తెలవాలి గానీ, మాట తెగినట్టు తెలవకూడదు."

తర్వాత జెనీఫర్ వైపు తిరిగాడు. గొంతు ఇంకా తగ్గింది.

"అమ్మాయ్, నిన్ను నేనేమీ అనను. ఫైనల్లో నీ భాగం రఘువీర్ చెప్తాడు. నువ్వు ల్యాప్‌టాప్ దగ్గర కూర్చో."

"సార్, స్టాపులో నిలబడింది నేను సార్."

"నిలబడ్డావులే. వేదిక మీద కూడా నిలబడ్డావు. మాట్లాడలా." గోడ మీది క్యాలెండరు చూశాడు. "మంగళవారం రిహార్సల్ పెట్టండి. గ్యాప్ లేకుండా వస్తే నువ్వే చెప్పు. గ్యాప్ వస్తే, రఘువీర్."

రఘువీర్ బయటికొచ్చాక భుజం తట్టాడు. "నాకేం సంబురం లేదు జెనీ. నీ మనుషుల సంగతి నాకేం ఎరుక? రాసిస్తే సదువుత, అంతే గదా." అదే ఆమెకు మండింది. రాసిస్తే ఎవరైనా చదువుతారు. చలికి చేతులు చంకల్లో పెట్టుకుని దీపం వైపు చూసే ఆస్పత్రి గార్డు అంకుల్ ముఖం రాసివ్వడం ఎలా? అది తన నోటితోనే చెప్పాలి. ఇంతవరకు జీవితంలో దేన్నీ ఇంత గట్టిగా కోరుకోలేదు ఆ పిల్ల.

ఆ సాయంత్రం ఇంట్లో మార్త యూనిఫాం ఇస్త్రీ చేసుకుంటోంది. జెనీఫర్ కిటికీ పక్కన మోకాళ్లు ముడుచుకుని కూర్చుంది. ఎదురు టవరు దీపాలు మంచులో కరిగి ఒక్కటే కాంతి ముద్దగా కనిపిస్తున్నాయి. ఆవిరి బుస్సుమన్నప్పుడల్లా గదిలో కూడా ఒక చిన్న మేఘం లేచి, కిటికీ దాకా వచ్చి పోతోంది.

"మొన్న, నువ్వు స్టాపుకి రావడం మానేశాక, ఏమైందో తెలుసా జెనీ?" అంటోంది మార్త. "మీ దీపం వెలిగింది, వెలిగినా బస్సు ఆగకుండా పోయింది. అంత మంచు. నేనొక్కదాన్నే ముందుకి వచ్చా, చెయ్యెత్తా, ఆడికి కనపడితేగా! ఎర్ర లైట్లు రెండు అట్టా పోతా ఉండటం చూశా. అంతే, అక్కడే నిలబడిపోయా. వార్డులో నైట్ చేసిన పిల్ల నేనొచ్చేదాకా కదల్లేక కూర్చుంది పాపం. తెల్లారి మళ్లా స్టాపులో అందరం మాట్లాడుకున్నాం. దీపం ఎలగ్గానే…" కాలరు తిప్పి ఇంకా ఏదో చెప్పుకుపోయింది మార్త.

జెనీఫర్ కళ్లు బయట ఉన్నాయి. మార్త కాసేపు చెప్పి, కూతురి ముఖం చూసి, "సర్లే" అని ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టింది. ఆ "సర్లే" ఆ ఇంట్లో చాలా ఏళ్లుగా ఉన్న మాట.

"ఏమే, ఏదో అయింది కాలేజీలో?"

"కుఛ్ నహీ మమ్మీ," అంటూ ఏమీ లేదని తల అడ్డంగా ఊపింది.

"తెలుగులో చెప్పు, ఏడుపు వస్తే తెలుగులోనే వస్తది."

అప్పుడు చెప్పింది. మార్త అంతా విని, నవ్వింది. "అదేందే? చర్చిలో ఒక్కనాడన్నా తప్పావా? మీ నాన్న చదవడం ఆపీ ఆపకముందే అందుకుంటావుగా!"

నిజమే. జెనీఫర్ ఆ సంగతి ఎన్నడూ ఆలోచించలేదు.

ఆదివారం అద్దె హాల్లో జరిగే తెలుగు ఆరాధనలో ఒక వరస ఉంది. ముందు నిలబడిన పెద్ద బైబిల్లోంచి ఒక వచనం చదువుతాడు, తర్వాతి వచనం సంఘమంతా కలిసి చదువుతుంది, మళ్లీ పెద్ద, మళ్లీ సంఘం. ఆ పెద్ద జెనీఫర్ తండ్రి సిలాసు. పేర్లు పిలవడం ఉండదు, "ఇప్పుడు మీరు" అనడం ఉండదు. అయినా ఎవరూ ఆలస్యం కారు. వీపుకు ఎండ తగిలేలా కూర్చున్న ముసలమ్మల దగ్గర్నుంచి, పాదాలు నేలకందని పిల్లల దాకా అందరి గొంతులూ ఒక్కసారి లేస్తాయి.

ఆ ఆదివారం ఆమె తనను తానే కాపలా కాసింది. ఏం జరుగుతోందో గమనిస్తే నవ్వొచ్చింది. తండ్రి తన వచనం చదువుతున్నంతసేపూ ఆమె కళ్లు ఆ వచనం మీదే నడుస్తున్నాయి. ఎందుకంటే తన వచనం సగం మాటే. మొదటి సగం నాన్న దగ్గర ఉంది. అది వినకపోతే తనది అర్థం కాదు. ఇంకొకటి. వచనం చివరికొచ్చేసరికి సిలాసు గొంతు కాస్త దిగుతుంది, తల లేస్తుంది, చూపు వాళ్ల వైపు వస్తుంది. చివరి మాట ఇంకా గాల్లో ఉండగానే సంఘం ఊపిరి తీసుకుంటుంది. పరధ్యానానికి అక్కడ చోటేది? మనసు తేలుతూనే ఉంటుంది, కానీ నలుగురితో కలిసి ఒకే నీటి మీద తేలుతుంది.

కాలేజీ వేదిక మీద ఆమె చేసింది వేరు. తన పేరు కోసం మాత్రమే కాచుకుంది. పేరేమో వాక్యం చిట్టచివర వచ్చింది. అప్పటిదాకా వినాల్సిన పనే లేదనుకుంది. చివర పేరు విన్నాక ఎక్కడి నుంచో తిరిగి రావాలి, రెండడుగులు వేయాలి, క్లిక్కర్ తీసుకోవాలి, నోరు తెరవాలి. ఇవన్నీ నిశ్శబ్దంలోనే జరగాలి మరి!

సోమవారం క్యాంటీన్‌లో నథానియేలును పట్టుకుంది. చాయ్ గ్లాసుల ఆవిరి మధ్య ఇద్దరూ కూర్చున్నారు.

"నథానియేలూ, నా పేరు ముందు చెప్పు. చివర కాదు."

"ముందంటే?"

"వాక్యం మొదట్లో. నా పేరు వినగానే నేను కదులుతా. నువ్వు మాట్లాడుతూనే క్లిక్కర్ ఇచ్చెయ్. నీ వాక్యం అయ్యేలోపు నీ పక్కన ఉంటా. చివర నీది ముగించొద్దు. నాకు సగం వదులు."

వాడికి అంతకంటే చెప్పక్కర్లేదు. ఒంగోలులో వాడూ అలాంటి ఆరాధనలో పెరిగినవాడే. "ప్రశ్న వదలనా? దానికి జవాబుతో నువ్వు మొదలెట్టు. థాంక్యూలు వద్దు. థాంక్యూ అంటే మళ్లీ తలుపేసినట్టేగా."

సాయంత్రం దాకా వాక్యాన్ని చెక్కారు. చివరికి నిలిచింది ఇది: "జెనీఫర్ నెల రోజులు ఆ స్టాపులో ఈ దీపం కింద నిలబడింది. దీపం మొదటిసారి వెలిగినప్పుడు అక్కడున్న వాళ్లు ఏం చేశారు?" దానికి జెనీఫర్ మొదటి మాట: "ఎవరూ నమ్మలేదు." అంతే. శ్రుతి నుంచి నథానియేలుకు, జెనీఫర్ నుంచి రఘువీర్‌కు కూడా అలాగే కట్టారు. శ్రుతి వాటిని నాలుగుసార్లు చదివి, "ఇప్పుడు బాగుండాయి. ఒక్క అక్షరం మార్చినా ఒప్పుకోను" అంది. ఆ మాట గుర్తుపెట్టుకోండి.

మంగళవారం రిహార్సల్లో వాక్యాలు చెయ్యీ చెయ్యీ పట్టుకుని నడిచాయి. శ్రుతి గొంతులోంచి నథానియేలు గొంతు, అందులోంచి జెనీఫర్ గొంతు. వెనక్కి చేరబడి కళ్లు మూసుకుని విన్న పార్థసారథి సార్ చివర కళ్లు తెరిచి, "ఎవరెప్పుడు మారారో తెలవలా," అన్నాడు. "ఇదే కావాల్సింది. అయినా రఘువీర్, ఆ అమ్మాయి భాగం నువ్వు కూడా చూసి ఉంచు," అన్నాడు. అంటే ఇంకా నమ్మకం కుదరలేదన్నమాట. జెనీఫర్‌కు అర్థమైంది. ఫైనల్లో కాసింత ఆలస్యమైనా రఘువీర్ ముందుకొచ్చి అందుకుంటాడు, తాను పక్కకు తప్పుకోవాలి.

ఫైనల్ రోజు మంచు మధ్యాహ్నం దాకా వీడలేదు. హాలు గాజు గోడల బయట చెట్లు లేవు, పార్కింగు లేదు, తెలుపు ఒక్కటే. లోపల దీపాలు వెలిగించి ఉన్నాయి కనక, హాలు మొత్తం ఎక్కడో మేఘంలో ఆగిన పెద్ద బస్సులా ఉంది. వెనక వరసలో మార్త కూర్చుంది. నైట్ డ్యూటీ దిగి, ఇంటికి పోకుండా నేరుగా వచ్చింది. స్వెటరు కింద యూనిఫాం అంచు కనిపిస్తోంది. రెప్పలు వాలిపోతుంటే గట్టిగా తెరిచి చూస్తోంది.

శ్రుతి మొదలుపెట్టింది. జెనీఫర్ వింది. అలవాటు కొద్దీ మనసు గాజు గోడ దాకా వెళ్లింది, కానీ ఈసారి శ్రుతి మాట వెంటపెట్టుకుని వెళ్లింది. మంచులో కనపడని మనుషుల గురించి శ్రుతి చెబుతుంటే, గాజు అవతల వాళ్లు నిలబడి ఉన్నట్టే ఉంది. శ్రుతి నథానియేలు పేరెత్తి, "కనపడని బస్సు వస్తోందని వీళ్లకు ఎలా తెలుస్తుంది?" అని వదిలింది. "బస్సే చెబుతుంది," అని అందుకున్నాడు వాడు. ఎంత బాగా అందుకున్నాడో!

వాడి భాగం చివరికొచ్చింది. జెనీఫర్ ఊపిరి తీసుకుంది. సరిగ్గా అప్పుడు పసుపు స్వెటరు వేసుకున్న జడ్జి చెయ్యెత్తింది.

"ఒక్క నిమిషం. మంచు మరీ దట్టంగా ఉండి, దీపం వెలిగినా డ్రైవరుకు కనపడలేదనుకోండి. అప్పుడు?"

మధ్యలో ప్రశ్న వస్తుందని ఎవరూ అనుకోలేదు. వాక్యాల్ని అంత అందంగా కట్టుకుని, ఒక్క అక్షరం మార్చకూడదని కంఠతా పట్టిన జట్టు చేసే పొరపాటు ఇదే. దారి ఒక్కటే వేసుకున్నారు, దాని మీద ఎవరో అడ్డంగా నిలబడ్డారు.

నథానియేలు అబద్ధం ఆడలేడు. బస్సు లోపల కూడా ఒక దీపం పెట్టాలని వాడికి ఎప్పట్నుంచో ఉంది, ఇంకా చేయలేదు.

"అప్పుడు, మేడమ్… ఆ మనిషి అక్కడే నిలబడిపోతారు."

అక్కడితో వాడి మాట ఆగిపోయింది. కట్టుకున్న వాక్యం ఎక్కడికి పోయిందో పోయింది. జెనీఫర్ పేరు రాలేదు. ప్రశ్న రాలేదు. క్లిక్కర్ వాడి గుప్పిట్లోనే ఉండిపోయింది. వేదిక అంచున రఘువీర్ ఒక అడుగు ముందుకు వేయడం జెనీఫర్‌కు కనిపించింది. మొదటి వరసలో పార్థసారథి సార్ వాడికి తల ఊపడం కూడా కనిపించింది.

కానీ ఆమె వింది కదా. పేరు కోసం కాదు, మాట కోసం వింది. 'అక్కడే నిలబడిపోతారు.' ఆ మాట ఎక్కడో ఇదివరకే విన్న మాట. ఇస్త్రీ ఆవిరి బుస్సుమంది. ఎర్ర లైట్లు రెండు అట్టా పోతా ఉండటం చూశా. అంతే, అక్కడే నిలబడిపోయా. ఆ సాయంత్రం కిటికీ బయట తేలుతున్న మనసులోకి ఒక్కో మాటా మంచులా దిగి కూర్చుందని ఆమెకే తెలియదు.

"అలా నిలబడిపోయింది మా అమ్మ," అంది జెనీఫర్.

అంటూనే నడిచింది. నథానియేలు గుప్పిట్లోంచి క్లిక్కర్ తీసుకుంది, కానీ నొక్కలేదు. జడ్జి కళ్లు ఆమె మీదికి వచ్చాయి. రఘువీర్ వేసిన అడుగు మెల్లగా వెనక్కి తీసుకున్నాడు.

"మా అమ్మ నర్సు. ఒకరోజు దీపం వెలిగింది, అమ్మ చెయ్యెత్తింది, డ్రైవరుకు కనపడలేదు, బస్సు వెళ్లిపోయింది. ఆమె చేరేదాకా రాత్రంతా డ్యూటీ చేసిన ఇంకో నర్సు ఇంటికి వెళ్లలేకపోయింది. మీరు అడిగిన ప్రశ్నే మర్నాడు స్టాపులో వాళ్లూ వేసుకున్నారు. ఆ రోజు నుంచి దీపం వెలగగానే ఒక్కరే ముందుకు రారు. అందరూ కలిసి వస్తారు. గార్డు అంకుల్ తన కర్రతో ఇనుప రెయిలింగ్ మీద కొడతాడు. మిగిలినవాళ్లు ఫోన్ టార్చీలు వేసి పైకెత్తుతారు. డ్రైవరుకు దీపం కనపడకపోవచ్చు, ఆ చప్పుడు వినిపిస్తుంది, అన్ని టార్చీల వెలుగు కనిపిస్తుంది. దీపాన్ని చూసి డ్రైవరు కూడా ఆపుతాడనుకుని మేం కట్టాం. దాన్ని చూసి తామే కదలాలని వాళ్లు కనిపెట్టారు. ఎప్పుడు కదలాలో అది చెబుతుంది. ఆ తర్వాత బస్సు వాళ్లను వదిలి పోలేదు."

తర్వాత మొదటి రోజు ఎవరూ నమ్మకపోవడం, చాయ్ అమ్మే ఆవిడ దీపానికి చలేస్తుందేమోనని నవ్వడం, చంకల్లో చేతులు పెట్టుకున్న గార్డు అంకుల్ దీపం వెలగగానే చేతులు బయటికి తీయడం, అన్నీ చెప్పింది. రాసుకున్నవి కొన్ని, రాసుకోనివి చాలా. గాజు అవతల మంచు దగ్గరికొచ్చి వింటున్నట్టుంది.

"రఘువీర్, ఇది ఒక స్టాపు," అంది చివర, పక్కకు తిరిగి, క్లిక్కర్ చాస్తూ. "ఇలాంటి స్టాపులు ఊరంతా ఉన్నాయి. అక్కడ నిలబడ్డవాళ్లకు దీపం ఎప్పుడు చేరుతుంది?"

రఘువీర్ కదల్లేదు. నోరు కొంచెం తెరిచి, ఆమె వైపే చూస్తూ ఉన్నాడు. కర్ర చప్పుడు ఇంకా వాడి చెవిలో ఉంది కాబోలు. మాటల పుట్ట అనిపించుకున్నవాడు, ఆమె జాగాలో నిలబడటానికి సిద్ధంగా ఉన్నవాడు, తాను తర్వాతివాడినన్న సంగతే మరిచిపోయాడు.

"రఘువీర్," అంది మళ్లీ, మెల్లగా. "పోయినవా?"

"ఆఁ… లేదు, ఈడనే ఉన్న!" అన్నాడు వాడు తెలుగులో, మైకులో. హాలంతా నవ్వింది, పసుపు స్వెటరు కూడా నవ్వింది. ఆ నవ్వు మీంచే వాడు తేరుకుని తన భాగం అందుకున్నాడు. అది గ్యాపే. కానీ అలాంటి గ్యాపు ఎవరిని నొప్పిస్తుంది?

వాళ్లకు రెండో బహుమతి వచ్చింది. మొదటిది వేరే కాలేజీ పట్టుకుపోయింది, న్యాయమే, వాళ్ల యంత్రం నిజంగా బాగుంది. పార్థసారథి సార్ జెనీఫర్ ముందు ఆగి, తల పంకించాడు. తర్వాత రఘువీర్‌తో తగ్గు గొంతుతో, "అబ్బాయ్, గ్యాప్ వచ్చింది," అన్నాడు. జెనీఫర్‌కు అంతకంటే పెద్ద బహుమతి అక్కర్లేకపోయింది.

తిరుగు బస్సులో తల్లీ కూతురూ పక్కపక్కన కూర్చున్నారు. సాయంత్రం మంచు మళ్లీ దిగుతోంది. ఎక్స్‌ప్రెస్‌వే దీపాలు ఒక్కొక్కటే దగ్గరికొచ్చి, గుండ్రంగా వెలిగి, వెనక్కి తేలిపోతున్నాయి. మార్త తల కూతురి భుజం మీదికి ఒరిగింది.

"నన్ను అందరి ముందూ నిలబెట్టేశావు గదే," అంది కళ్లు మూసుకునే.

"కోపమొచ్చిందా?"

"కోపం కాదు. ఆ రోజు నేను ఇస్త్రీ చేస్తా చెప్తున్నప్పుడు…" అని ఆగింది. నిద్ర పట్టేసింది. వాక్యం సగంలో ఉంది.

జెనీఫర్ కిటికీలోంచి చూసింది. మామూలుగా అయితే ఈపాటికి ఎక్కడికో వెళ్లిపోయేది. ఈసారి వెళ్లలేదు. బస్సంతా కలలో నడుస్తున్నట్టుంటే, అమ్మ ఊపిరి వింటూ, ఆ మిగతా సగం కోసం కూర్చుంది. ఇందిరాపురం ఫ్లైఓవర్ దగ్గర బస్సు కుదుపుకు మార్త కళ్లు తెరిచింది. ఎక్కడ ఆపిందో అక్కడి నుంచే అందుకుంది.

"…నువ్వు కిటికీలోంచి చూస్తన్నావు. నా మాట ఎవరికి పట్టిందిలే అనుకున్నా."

"విన్నానమ్మా," అంది జెనీఫర్.